యాభై ఎనిమిది వేలు వస్తే సంఘానికి మిగిలేది ఐదు వేలు

నెలాఖరులో గ్రామ సంఘం పాసుపుస్తకం బ్యాంకులో ప్రింట్ చేయించుకుని తెస్తే, కమిటీ సమావేశంలో ఒక మాట తరచూ వినిపిస్తుంది. "యాభై ఎనిమిది వేలు పడ్డాయి గదక్కా, ఈసారన్నా ఒక బీరువా కొందాం!" లెక్క తెలిసిన కోశాధికారి ఉంటే వెంటనే అడ్డుపడుతుంది. "అందులో మనం వాడుకోగలిగేది ఐదు వేలేనమ్మా. మిగతాదంతా దారిలో ఉన్న డబ్బు."

పొదుపు సంఘాల సమాఖ్య బడ్జెట్ అర్థం కావాలంటే ఆ యాభై ఎనిమిది వేలకూ ఈ ఐదు వేలకూ మధ్య ఏం జరుగుతుందో చూడాలి. బ్యాంకులో కనిపించే మొత్తం ఒకటి, సంఘం సొంతంగా ఖర్చుపెట్టుకోగలిగేది మరొకటి. శిక్షణ, ప్రయాణాలు, పుస్తకాలు, ఆడిట్, గది అద్దె అన్నీ ఆ చిన్న మొత్తంలోనే సర్దుకోవాలి. రెండు మూడు సంఘాలు కిస్తీలు ఆపితే ముందు కరిగిపోయేదీ అదే.

తెలుగు నేల మీద ఈ నిర్మాణం అంచెలంచెలుగా పెరిగింది. డ్వాక్రా పథకం 1980లలోనే వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత పొదుపు ఊరూరా పాకింది. 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. 2000 తర్వాత సెర్ప్ ఆధ్వర్యంలో వెలుగు, ఆపై ఇందిరా క్రాంతి పథం వచ్చాయి. వాటితో పది పదిహేను మంది మహిళల సంఘాలు కలిసి గ్రామ సంఘంగా, గ్రామ సంఘాలు కలిసి మండల సమాఖ్యగా, అవి కలిసి జిల్లా సమాఖ్యగా ఏర్పడ్డాయి. గ్రామ, మండల సమాఖ్యల్లో ఎక్కువ భాగం 1995 నాటి మ్యాక్స్ చట్టం కింద నమోదైనవే. అంటే ఇవి సహకార సంఘాలు. ఏటా ఆడిట్ చేయించాలి, మహాజన సభ ముందు లెక్క చెప్పాలి, బడ్జెట్ ఆమోదించుకోవాలి.

లెక్క తేలిగ్గా పట్టుబడడానికి ఒక నమూనా గ్రామ సంఘాన్ని ఊహించుకుందాం. ఇరవై పొదుపు సంఘాలు, సంఘానికి పది మంది చొప్పున రెండు వందల మంది సభ్యులు. ఇక్కడి అంకెలూ వడ్డీ రేట్లూ ఉదాహరణకు వేసుకున్నవి. రేట్లు సమాఖ్యను బట్టి, తీర్మానాన్ని బట్టి మారుతుంటాయి. లెక్కకట్టే పద్ధతి మాత్రం ఎక్కడైనా ఇదే.

ముందు పొదుపు సంగతి. సభ్యురాలు నెలకు వంద రూపాయలు కడితే సంఘానికి నెలకు వెయ్యి, ఏడాదికి పన్నెండు వేలు. ఐదేళ్లు సాగిన సంఘంలో అరవై వేలు పోగవుతుంది. ఇది సంఘానికి ఆదాయం కాదు, సభ్యులకు సంఘం పడిన బాకీ. ఎవరైనా ఊరు వదిలి వెళ్తే, లేదా చనిపోతే, ఆ మొత్తాన్ని లెక్కకట్టి తిరిగి ఇవ్వాల్సిందే. అందుకే పొదుపు సంఘం ఖాతాలోనే ఉంటుంది. గ్రామ సంఘం దాన్ని తన రాబడి కింద రాసుకోకూడదు. బడ్జెట్‌లో అన్ని సంఘాల పొదుపునూ కలిపి ఒక పట్టికగా చూపిస్తారు. ఏ సంఘంలో ఎంత పోగైంది, అందులో ఎంత అప్పుగా తిరుగుతోంది, ఎంత ఖాళీగా పడి ఉంది అన్నది తెలియడానికే ఆ పట్టిక.

ఖాళీగా పడి ఉండడం కూడా నష్టమే. బ్యాంకు పొదుపు ఖాతాలో పడుకున్న డబ్బుకు వచ్చే వడ్డీ చాలా తక్కువ. అదే డబ్బును సభ్యులకు అంతర్గత అప్పుగా, నూటికి నెలకు రూపాయి వడ్డీకి తిప్పితే సభ్యురాలికి బయటి వడ్డీ బాధ తప్పుతుంది, సంఘానికి నిధి పెరుగుతుంది.

అంతర్గత అప్పు దగ్గరే బడ్జెట్ వేసేవాళ్లు మొదటి తప్పు చేస్తారు. ఒక సభ్యురాలు గేదె కోసం పన్నెండు వేలు తీసుకుని, నెలకు వెయ్యి చొప్పున ఏడాదిలో తీరుస్తానంది. వడ్డీ నూటికి రూపాయి. "నెలకు నూట ఇరవై, పన్నెండు నెలలకు పద్నాలుగు వందల నలభై" అని బడ్జెట్‌లో రాసేస్తారు. నిజానికి అంత రాదు. మొదటి నెల పన్నెండు వేల మీద 120 కడుతుంది. రెండో నెలకు అసలు పదకొండు వేలకు దిగుతుంది, వడ్డీ 110 అవుతుంది. ఆ తర్వాత 100, 90 అలా తగ్గుతూ చివరి నెల వెయ్యి మీద 10 రూపాయలే. పన్నెండు నెలలవీ కూడితే 780. రాసుకున్న దాంట్లో సగానికి కాస్త పైన.

కాబట్టి వడ్డీ ఆదాయాన్ని ఇచ్చిన అప్పు మీద కాకుండా, ఏడాది పొడవునా సగటున బయట నిలిచి ఉండే అసలు మీద లెక్కకట్టాలి. ఈ ఉదాహరణలో ఆ సగటు 6,500. దాని మీద ఏడాదికి నూటికి పన్నెండు చొప్పున సరిగ్గా 780 వస్తుంది. సభ్యురాలి వైపు నుంచి చూసినా ఇది ముఖ్యమే. తరిగే అసలు మీద కాకుండా మొదటి అసలు మీదే నెలనెలా 120 వసూలు చేస్తే, రూపాయి వడ్డీ పేరుతో ఆమె దగ్గర దాదాపు రూపాయి ముప్పావలా వడ్డీ లాగినట్టే.

ఇక గ్రామ సంఘం లెక్క. మండల సమాఖ్య నుంచి సామాజిక పెట్టుబడి నిధి గ్రామ సంఘానికి అప్పుగా వస్తుంది. గ్రామ సంఘం దాన్ని పొదుపు సంఘాలకు, అవి సభ్యులకు ఇస్తాయి. మన నమూనాలో సభ్యురాలు సంఘానికి నూటికి రూపాయి కడుతుంది. సంఘం గ్రామ సంఘానికి ముప్పావలా కడుతుంది. గ్రామ సంఘం మండల సమాఖ్యకు అర్ధరూపాయి కడుతుంది. ఒక్కో మెట్టు దగ్గర మిగిలేది పావలా. సమాఖ్య రోజువారీ బతుకంతా ఈ పావలా మీదే.

మండలం నుంచి తెచ్చిన అప్పు సగటున పది లక్షలు బయట ఉందనుకుందాం. గ్రామ సంఘం ఏళ్ల తరబడి కూడబెట్టిన సొంత నిధి మరో రెండు లక్షలు కూడా సంఘాల దగ్గరే తిరుగుతోంది. మొత్తం పన్నెండు లక్షల మీద ముప్పావలా చొప్పున నెలకు 9,000 వడ్డీ వస్తుంది. ఒక్కో సంఘం నెలకు యాభై రూపాయల సభ్యత్వ చందా కడితే ఇంకో వెయ్యి. అసలు కిస్తీల కింద నెలకు 48,000. ఇవన్నీ కలిపితే పాసుపుస్తకంలో కనిపించిన యాభై ఎనిమిది వేలు.

ఇప్పుడు తీసివేతలు. అసలు కిస్తీల్లో 40,000 మండల సమాఖ్యకు తిరిగి వెళ్లాలి. మిగతా 8,000 గ్రామ సంఘం సొంత నిధిదే అయినా ఖర్చుపెట్టే డబ్బు కాదు. వెంటనే మరో సంఘానికి అప్పుగా ఇవ్వాలి, లేకపోతే వచ్చే ఏడాది వడ్డీ ఆదాయం తగ్గుతుంది. పది లక్షల మీద అర్ధరూపాయి వడ్డీ 5,000 కూడా మండలానికే. చివరికి మిగిలేది ఐదు వేలు. పన్నెండు నెలలకు అరవై వేలు, దానికి బ్యాంకు ఖాతాలో పడే వడ్డీ ఏడాదికి ఓ రెండు వేలు కలిపితే అరవై రెండు వేలు. రెండు వందల మంది మహిళల సమాఖ్య ఏడాదంతా నడవాల్సింది ఈ డబ్బుతోనే.

అందుకే మంచి లెక్కల పుస్తకంలో రెండు పట్టికలు ఉంటాయి. ఏ నెల ఎంత డబ్బు వస్తుంది, ఎంత పోతుంది అనేది జమ ఖర్చుల పట్టిక. దీన్ని చూసే మండలానికి కిస్తీ ఎప్పుడు పంపాలి, కొత్త అప్పు ఎవరికి ఎప్పుడు ఇవ్వాలి అన్నది తేలుస్తారు. రెండోది ఆదాయ వ్యయాల పట్టిక. ఇందులో అసలు ఎక్కడా కనిపించదు. వడ్డీ, చందా ఒకవైపు, ఖర్చులు మరోవైపు ఉంటాయి. అసలు కిస్తీని ఆదాయంలో రాసిన గ్రామ సంఘం కాగితం మీద లక్షల లాభంలో ఉంటుంది. మండలానికి కిస్తీ కట్టాల్సిన రోజున మాత్రం ఖాతాలో డబ్బు ఉండదు.

బ్యాంకు లింకేజీ రుణాన్ని కూడా ఇందులో కలపకూడదు. ఆ రుణం బ్యాంకు నుంచి నేరుగా పొదుపు సంఘం ఖాతాకే వస్తుంది, కిస్తీ కూడా నేరుగా బ్యాంకుకే పోతుంది. 2021లో రిజర్వ్ బ్యాంకు సంఘాలకు హామీ లేకుండా ఇచ్చే రుణ పరిమితిని పది లక్షల నుంచి ఇరవై లక్షలకు పెంచాక ఈ మొత్తాలు బాగా పెద్దవయ్యాయి. కిస్తీలు సక్రమంగా కడుతున్నారో లేదో చూడడం వరకే గ్రామ సంఘం పని. సున్నా వడ్డీ రాయితీ విషయంలోనూ జాగ్రత్త అవసరం. గడువులోగా వడ్డీ కట్టిన సంఘానికి ఆ మొత్తాన్ని ప్రభుత్వం తర్వాత జమ చేస్తుంది. ఎప్పుడు జమ అవుతుందన్నది సంఘం చేతిలో లేదు. కాబట్టి ఖాతాలో పడ్డాకే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ఖర్చుల పక్కకు వస్తే, అన్నిటికంటే పెద్ద పద్దు లెక్కలు రాసే గ్రామ సంఘం సహాయకురాలి గౌరవ వేతనంలో సంఘం వంతు. మన నమూనాలో అది నెలకు 1,500, ఏడాదికి 18,000. ఇంచుమించు అంతే చిల్లర పరిపాలన ఖర్చులకు పోతుంది. బ్యాంకుకు, మండల కేంద్రానికి వెళ్లే ఆటో, బస్సు ఛార్జీలు నెలకు 500, సమావేశాల ఖర్చు 400, గది అద్దె, కరెంటు 300, పుస్తకాలు, రసీదులు, జిరాక్సులు 300. అన్నీ కలిపి నెలకు 1,500. ఏడాదికోసారి ఆడిట్ ఫీజు 3,000. అంటే పరిపాలనకు మొత్తం 21,000.

శిక్షణకు 12,000 పెట్టుకున్నారు. సంఘానికి ఇద్దరు చొప్పున నలభై మంది లీడర్లకు ఒక రోజు శిక్షణ అంటే భోజనాలకు మనిషికి ఎనభై చొప్పున 3,200, నేర్పేవాళ్లకు 500, కాగితాలు, పెన్నులకు 300, మొత్తం నాలుగు వేలు. ఏడాదికి మూడు రోజులు. నేర్పే విషయాలు పైన చెప్పినవే. తరిగే అసలు మీద వడ్డీ వేయడం, సభ్యురాలి పాసుపుస్తకానికీ సంఘం లెడ్జరుకూ పోలిక చూడడం, రుణ ప్రణాళిక రాయడం. రుణ ప్రణాళిక అంటే ఎవరికి, దేనికి, ఏ నెలలో, ఎంత కావాలో సభ్యులు కూర్చుని రాసుకునేది. విత్తనాలు, బడి ఫీజులు రెండూ జూన్‌లోనే మీద పడతాయి గనక, ఏప్రిల్ మేలో వచ్చే కిస్తీలను జూన్‌కు సిద్ధంగా ఉంచాలని ఆ ప్రణాళిక చూస్తేనే తెలుస్తుంది.

చివరి పద్దు మొండి బాకీలకు ముందే పక్కన పెట్టే మొత్తం, 6,000. దీన్ని చాలా సంఘాలు అసలు రాయవు. ఎంత బాగా నడిచే సంఘంలోనైనా ఏదో ఒక అప్పు తిరిగిరాదు. ఆ నష్టాన్ని ఒకేసారి మోయకుండా ఏటా కొంచెం కొంచెంగా దాచుకోవడం ఇది.

మొత్తం ఖర్చు 57,000. అరవై రెండు వేల ఆదాయంలో మిగులు ఐదు వేలు.

ఇప్పుడు ఇరవైలో మూడు సంఘాలు కిస్తీలు ఆపాయనుకుందాం. ఆ మూడింటి దగ్గర ఉన్న అసలు 1,80,000. దాని మీద ఏడాదికి రావాల్సిన వడ్డీ 16,200. అది ఆగిపోయినా మండలానికి కట్టాల్సిన వడ్డీ ఒక్క రూపాయీ తగ్గదు. ఐదు వేల మిగులు కాస్తా 11,200 లోటుగా మారుతుంది. సహాయకురాలి వేతనం ఆపలేరు, ఆడిట్ తప్పదు, అద్దె కట్టాల్సిందే. కోసేయడానికి వీలున్న పద్దు ఒక్కటే కనిపిస్తుంది. అది శిక్షణ, పన్నెండు వేలు. లోటు అంతా దాంతో పూడుతుంది.

అలా తీసేసిన ఏడాది ఏమీ తేడా తెలియదు. ఆ తర్వాతి ఏడాది తెలుస్తుంది. కొత్తగా వచ్చిన లీడర్లకు పుస్తకం చదవడం రాదు, సభ్యుల పాసుపుస్తకాలు నింపడం ఆగిపోతుంది, ఎవరు ఎంత బాకీ అన్నది సహాయకురాలికి తప్ప ఎవరికీ తెలియదు. కిస్తీ ఆపే సంఘాలు మూడు కాస్తా ఐదవుతాయి.

సంఘాలు కిస్తీ ఎందుకు ఆపుతాయి? పంట పోవడం, గేదె చావడం, ఆస్పత్రి ఖర్చు సాధారణ కారణాలు. సంఘంలో తగాదా మరొకటి. ఒకామె కట్టకపోతే మిగతావాళ్లు "మేమెందుకు కట్టాలి" అంటారు. అప్పును అవసరాన్ని బట్టి కాకుండా తలా సమానంగా పంచుకోవడం ఇంకో కారణం. యాభై వేలు అవసరమైన ఆమెకు పది వేలే అందితే మిగతాది బయట మూడు రూపాయల వడ్డీకి తెస్తుంది. పంట వచ్చాక బయటి అప్పే ముందు తీరుస్తుంది. మాఫీ మాట ఊళ్లోకి వచ్చినప్పుడు కూడా వసూళ్లు మందగిస్తాయి. 2014 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో డ్వాక్రా రుణమాఫీ హామీ వచ్చాక చాలాచోట్ల బ్యాంకు కిస్తీలు ఆగిపోయాయి, కట్టని నెలల వడ్డీ సంఘాల నెత్తిన పడింది. అప్పుడు తెగిన అలవాటు గ్రామ సంఘాల వసూళ్ల మీద కూడా పడింది.

ఇబ్బందిని ముందే పసిగట్టే పత్రం ఒకటి ఉంది. సమాఖ్యల్లో దాన్ని డీసీబీ అంటారు: డిమాండ్, వసూలు, బకాయి. అయితే దాన్ని చదివే పద్ధతిలోనే మోసపోవడం జరుగుతుంది. ఈ నెల డిమాండ్ 48,000, వసూలు కూడా 48,000 అనుకోండి. నూటికి నూరు అని మండలానికి రిపోర్టు పోతుంది. కానీ విడదీసి చూస్తే అందులో 8,000 ఒక సంఘం ముందుగానే కట్టేసిన కిస్తీలు. మరో 2,000 పాత బకాయి. ఈ నెల కట్టాల్సినవాళ్లు నిజంగా కట్టింది 38,000, అంటే నూటికి డెబ్భై తొమ్మిది. పది వేల కొత్త బకాయి ఆ నూటికి నూరు కింద దాక్కుంది. వచ్చే నెల ముందస్తు కిస్తీలు రావు, అప్పుడు ఒక్కసారిగా బయటపడుతుంది. అందుకే ఈ నెల డిమాండ్‌కు ఈ నెల వసూలునే పోల్చాలి. పాత బకాయి, ముందస్తు కిస్తీ విడి గడుల్లో రాయాలి.

ఇంకో గుర్తు పుస్తక సర్దుబాటు. ఒక సంఘం పాత అప్పు పూర్తిగా తీరినట్టు, అదే తేదీన కొత్త అప్పు తీసుకున్నట్టు రాసి ఉంటే, కొత్త అప్పు కూడా పాత బాకీకి దగ్గరగా ఉంటే, డబ్బు చేతులు మారలేదనే అర్థం. బకాయి పోలేదు, పేరు మారిందంతే. బ్యాంకు పాసుపుస్తకంలో ఆ తేదీన జమ, చెల్లింపు రెండూ ఉన్నాయో లేదో చూస్తే చాలు, తేలిపోతుంది. నగదు పుస్తకంలో చేతి నిల్వ నెలల తరబడి పెద్దదిగా ఉండడం కూడా అలాంటిదే. డబ్బు ఎవరి దగ్గరుందో సమావేశంలో లెక్కపెట్టి చూపించమనాలి.

మన నమూనా సంఘం సెప్టెంబరు చివర అర్ధ సంవత్సర సమీక్షకు కూర్చుంది. మూడు సంఘాల డీసీబీ ముందు పెట్టుకుని కమిటీ సభ్యులు ఆ సంఘాలకే వెళ్లి వాళ్ల పుస్తకాలు తిరగేశారు. రెండింటిలో కారణం పంట నష్టం. అసలు కిస్తీ సగానికి తగ్గించి గడువు పొడిగిస్తే నెలనెలా వడ్డీ కడతామన్నారు. ఆ మేరకు తీర్మానం రాసుకున్నారు. మూడోది తగాదా పడిన సంఘం, దగ్గరున్న అసలు అరవై వేలు. అక్కడ కట్టినవాళ్ల డబ్బు కూడా లీడరు దగ్గర ఆగిందని సభ్యుల పాసుపుస్తకాలు చూశాక తెలిసింది.

దాన్నిబట్టి బడ్జెట్ సవరించారు. మొదటి ఆరు నెలల్లో మూడు సంఘాల నుంచి రాని వడ్డీ 8,100. తర్వాతి ఆరు నెలలకు ఒక్క సంఘానిదే, 2,700. మొత్తం 10,800 పోతుంది. ఐదు వేల మిగులు పోను లోటు 5,800. మొండి బాకీల కోసం దాచిన ఆరు వేలను ముట్టుకోలేదు. అది అసలు మునిగితే వాడాల్సింది, అరవై వేలు ఇంకా అనుమానంలోనే ఉన్నాయి. శిక్షణ రద్దు చేద్దామన్న మాట వచ్చింది. దానికి బదులు మిగిలిన రెండు శిక్షణలనూ భోజనం లేకుండా ఒక్క పూటకు కుదించి, టీకి నాలుగు వందలు పెట్టుకున్నారు. ఒక్కోదానికి 2,800 తగ్గి, రెండింటికీ 5,600 కలిసొచ్చింది. మిగిలిన రెండు వందల లోటు సొంత నిధి నుంచి తీసేందుకు తీర్మానించారు. ఆ రెండు పూటల్లో మొదటిది సభ్యుల పాసుపుస్తకాలను లెడ్జరుతో సరిచూడడానికే కేటాయించారు. తగాదా పడిన సంఘం వాళ్లను అందరికంటే ముందు పిలవాలని నిర్ణయించారు.